సేల్స్ రెజ్యూమెలో అంకెలు రాసే పద్ధతి: టార్గెట్ శాతం, టెరిటరీ పరిమాణం, ఆర్డర్ విలువ

"ఏటా టార్గెట్‌ను మించి అమ్మకాలు సాధించాను. ఆంధ్రప్రదేశ్ మార్కెట్‌ను నిర్వహించాను. 30 లక్షల డీల్ కుదిర్చాను."

ల్యాబ్ పరికరాలు, పరీక్షల్లో వాడే రసాయనాలైన రీఏజెంట్లు అమ్మే ఒక కంపెనీ తరఫున విజయవాడ కేంద్రానికి మనిషిని ఎంపిక చేస్తున్నప్పుడు నా ముందుకు వచ్చిన ఒక రెజ్యూమెలోని వాక్యాలివి. అరగంట మాట్లాడేసరికి ఆ అభ్యర్థి పనిమంతుడని తెలిసింది. ఆ మూడు వాక్యాల్లో ఏ ఒక్కటీ నిలబడదని కూడా తెలిసింది. మొదటి వాక్యం మూడేళ్లలో రెండేళ్లకే వర్తిస్తుంది. రెండోది ఏడు జిల్లాలను రాష్ట్రంగా చూపుతోంది. మూడో వాక్యంలోని 30 లక్షలు అయిదేళ్లలో, నెలకు కొంత చొప్పున రావలసిన సొమ్ము. ఆయన అబద్ధం చెప్పాలనుకోలేదు. అంకెను ఎలా చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అంతే. ఆ రెజ్యూమెనే ఉదాహరణగా తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి, దాన్ని ఎలా సరిదిద్దాలో అంచెలంచెలుగా వివరిస్తాను. రెజ్యూమె మామూలుగా ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఇక్కడి నమూనా వాక్యాలను ఆ భాషలోకి మార్చుకోవలసి ఉంటుంది. అంకెల అమరిక మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

మొదటి అంచె: కాగితాలు ముందు, వాక్యాలు తరువాత

జ్ఞాపకం మీద ఆధారపడి అమ్మకాల అంకెలు రాయకూడదు. మనకు బాగా గుర్తుండేది మంచి త్రైమాసికం. దాన్నే ఏడాదంతటికీ అంటగట్టేస్తాం. పై అభ్యర్థికి గుర్తున్నది 2024 జనవరి–మార్చి త్రైమాసికం. ఆ మూడు నెలల టార్గెట్ 45 లక్షలు, అమ్మినది 56 లక్షలు, అంటే 124 శాతం. ఆ ఏడాది మొత్తం మీద ఆయన సాధించినది 108 శాతమే.

ప్రతి ఆర్థిక సంవత్సరానికీ మూడు ఆధారాలు వెతకాలి. మొదటిది, ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఇచ్చిన టార్గెట్ లేఖ. రెండోది, ఇన్సెంటివ్ లెక్క వేసిన పత్రం. కంపెనీ స్వయంగా ఒప్పుకున్న అమ్మకం అందులోనే ఉంటుంది కాబట్టి మూడింటిలోనూ బలమైనది అదే. మూడోది, మధ్యలో టెరిటరీ గానీ టార్గెట్ గానీ మారితే ఆ మార్పు తెలిపిన మెయిల్. ఉద్యోగం మానే వారంలో వీటన్నిటినీ, కస్టమర్ల జాబితాలతో సహా, సొంత మెయిల్‌కు పంపుకోవడం కొందరికి అలవాటు. చాలా ఉద్యోగ ఒప్పందాలు దాన్ని ఉల్లంఘనగానే పరిగణిస్తాయి. త్రైమాసికం ముగిసినప్పుడల్లా మీ టార్గెట్, మీ అమ్మకం అనే రెండు అంకెలను మీ నోట్‌బుక్‌లో రాసుకుంటే సరిపోతుంది. కస్టమర్ పేర్లు, ధరల పట్టికలు రెజ్యూమెకు అక్కరలేదు.

రెండో అంచె: "అమ్మకం" అంటే ఏది?

ల్యాబ్ పరికరాల వ్యాపారంలో ఒకే లావాదేవీకి నాలుగు తేదీలుంటాయి: ఆసుపత్రి ఆర్డర్ ఇచ్చిన రోజు, కంపెనీ డీలర్‌కు బిల్లు చేసిన రోజు, డీలర్ ఆసుపత్రికి బిల్లు చేసిన రోజు, డబ్బు చేతికి వచ్చిన రోజు. టార్గెట్‌ను వీటిలో దేని మీద లెక్కిస్తారన్నది ఒక్కో కంపెనీలో ఒక్కో రకంగా ఉంటుంది. మీ ఇన్సెంటివ్ దేని మీద వచ్చిందో దాన్నే అమ్మకంగా తీసుకుని, రెజ్యూమె అంతటా అదే కొలతకు కట్టుబడి ఉండాలి. ఒక ఏడాదికి ఆర్డర్లు, మరో ఏడాదికి బిల్లింగ్ చూపితే శాతాలు పెరిగినట్టు కనిపిస్తాయి, కానీ మొదటి ప్రశ్నకే కూలిపోతాయి.

డీలర్ ద్వారా అమ్మే చోట అనుభవజ్ఞుడైన మేనేజర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మార్చిలో ఇంత బిల్లింగ్ అయింది సరే, ఏప్రిల్‌లో వెనక్కి వచ్చినది ఎంతండీ?" ఏడాది చివరి వారంలో డీలర్ గోదాములోకి సరుకు నెట్టి టార్గెట్ ముగించడం అందరికీ తెలిసిన విద్యే. అందువల్ల వాపసు వచ్చిన సరుకును తీసివేసిన అంకెనే రాసి, "వాపసులు పోగా" అన్న రెండు మాటలు జోడించాలి. ఆ రెండు మాటలున్న రెజ్యూమె చూస్తే రాసినవారికి వ్యాపారం తెలుసని చదివేవారికి వెంటనే అర్థమవుతుంది.

జీఎస్టీని ఎప్పుడూ మినహాయించాలి, ఎందుకంటే పన్ను కంపెనీ ఆదాయం కాదు. ఇందులో ఆచరణకు సంబంధించిన ఇబ్బంది కూడా ఉంది. రోగనిర్ధారణ కిట్లు, రీఏజెంట్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమైంది. పన్నుతో కలిపి రాసేవారు అదే సరుకును అంతే అమ్మినా ఆ తేదీ తరువాత అమ్మకం తగ్గినట్టు కనిపిస్తుంది.

మూడో అంచె: టార్గెట్ శాతం

శాతం ఒక్కటే రాస్తే దానికి అర్థం ఉండదు. 20 లక్షల టార్గెట్ మీద 130 శాతం, 2 కోట్ల టార్గెట్ మీద 95 శాతం పక్కపక్కన ఉంటే ఎక్కువ మంది మేనేజర్లు రెండో మనిషినే ముందు పిలుస్తారు. కాబట్టి టార్గెట్, అమ్మకం, శాతం అనే మూడింటినీ ఏడాదివారీగా కలిపి చూపాలి. మన అభ్యర్థి కాగితాలన్నీ ముందు పెట్టుకున్నాక తేలిన లెక్క ఇది:

| ఆర్థిక సంవత్సరం | టార్గెట్ (లక్షల్లో) | అమ్మకం (లక్షల్లో) | శాతం |
|---|---|---|---|
| 2022–23 (అక్టోబర్–మార్చి) | 60 | 78 | 130 |
| 2023–24 | 150 | 162 | 108 |
| 2024–25 | 180 | 153 | 85 |

ఇక్కడ జాగ్రత్త పడవలసిన చోట్లు మూడున్నాయి.

మొదటిది అర్ధ సంవత్సరం. ఆయన 2022 అక్టోబర్‌లో చేరారు. ఆ ఆరు నెలలకు ఇచ్చిన టార్గెట్‌తోనే పోల్చి 130 శాతం రాయవచ్చు, కానీ పక్కన "అక్టోబర్–మార్చి" అని ఉండాలి. అది లేకపోతే చదివేవారు పూర్తి ఏడాది అనుకుంటారు, తరువాత చేరిన తేదీ చూసి అనుమానపడతారు. చేరిన మొదటి నెలల్లో టార్గెట్‌ను కంపెనీయే తగ్గించి ఇస్తే ఆ మాట కూడా రాయాలి.

రెండోది సగటు. మూడు శాతాలనూ కూడి మూడుతో భాగిస్తే దాదాపు 108 వస్తుంది. "సగటున 108 శాతం" అని రాయాలన్న ఆశ సహజమే. కానీ ఆరు నెలల 60 లక్షలకూ, పన్నెండు నెలల 180 లక్షలకూ సమాన బరువిచ్చిన సగటు అది. సరైన పద్ధతి మొత్తం అమ్మకాన్ని మొత్తం టార్గెట్‌తో భాగించడం:

```
(78 + 162 + 153) / (60 + 150 + 180) × 100
= 393 / 390 × 100
= 100.8
```

అంటే రెండున్నరేళ్ల మొత్తం మీద ఆయన సాధించినది 101 శాతం. 108తో పోలిస్తే చిన్నగా కనిపించినా, ఎవరు ఎలా లెక్కించినా ఇది నిలబడుతుంది.

మూడోది, అందరూ దాచాలనుకునే చెడ్డ ఏడాది. 2024–25లో వచ్చిన 85 శాతాన్ని ఆయన రెజ్యూమెలో ఎక్కడా చూపలేదు. నిజానికి దాన్ని చూపించి ఉంటే ఆయనకే మేలు జరిగేది. 2024 అక్టోబర్‌లో కంపెనీ ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలను కొత్తగా చేరిన మరొకరికి అప్పగించింది. టార్గెట్‌ను మాత్రం 180 లక్షల వద్దే ఉంచింది. ఆయన చేతిలో మిగిలిన అయిదు జిల్లాలను విడిగా చూస్తే 2023–24లో 124 లక్షలున్న అమ్మకం 2024–25లో 136 లక్షలైంది, అంటే సుమారు 10 శాతం పెరుగుదల. ఈ సంగతి ఇంటర్వ్యూలో నేను అడిగితే తప్ప బయటికి రాలేదు. "సార్, అది చెబితే సాకులు చెబుతున్నాననుకుంటారని రాయలేదు" అన్నారాయన. కారణాన్ని కథలా చెబితే సాకే అవుతుంది. తేదీ, జిల్లాల పేర్లు, పోల్చదగిన అంకె ఇచ్చి ఒక్క వాక్యంలో ముగిస్తే అది సమాచారం. అయితే అటువంటి పోల్చదగిన అంకె మీ దగ్గర లేనప్పుడు కారణం రాయకుండా శాతం మాత్రం రాయడమే మేలు.

ర్యాంకు చెప్పదలచుకుంటే ఎంతమందిలో అన్నది తప్పనిసరి. "దక్షిణ ప్రాంతంలో 12 మందిలో 2వ స్థానం, 2023–24" అంటే అర్థముంది. "టాప్ పెర్ఫార్మర్" అంటే ఏమీ లేదు. ఆ మాట లేని సేల్స్ రెజ్యూమెను నేనింతవరకు చూడలేదు.

నాలుగో అంచె: టెరిటరీ ఎంత పెద్దది?

టెరిటరీని జిల్లాల సంఖ్యతో చెప్పడం తెలుగు రాష్ట్రాల్లో ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయి, 2019లో 33కు చేరాయి. మన అభ్యర్థి తిరిగిన ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఏలూరు, పశ్చిమ గోదావరి కొత్త లెక్కలో ఏడు జిల్లాలు. పాత లెక్కలో దాదాపు మూడు. 2022కు ముందు ఒక కంపెనీలో "3 జిల్లాలు", తరువాత మరో కంపెనీలో "7 జిల్లాలు" అని రాస్తే టెరిటరీ రెట్టింపైనట్టు కనిపిస్తుంది, నిజానికి తిరిగిన రోడ్లు అవే కావచ్చు. జిల్లాల పేర్లే రాయడం దీనికి తేలికైన పరిష్కారం. హైదరాబాద్‌లోనో ఇక్కడి ఊళ్లు తెలియని ముంబయి కార్యాలయంలోనో చదివేవారి కోసం "విజయవాడ కేంద్రంగా" అన్న మాట ముందు చేర్చాలి.

భూగోళం కన్నా ముఖ్యమైనవి మరో రెండు అంకెలు. ఒకటి ఖాతాల సంఖ్య. ఇందులో మీ జాబితాలో ఉన్నవి వేరు, గడచిన ఏడాదిలో కనీసం ఒకసారి కొన్నవి వేరు. ఈయన జాబితాలో 140 ల్యాబ్‌లు, ఆసుపత్రులు ఉండగా వాటిలో కొంటున్నవి 46. పెద్ద అంకె బాగుంటుందని 140 ఒక్కటే రాస్తే, నెలకు ఎన్నిసార్లు కలిసేవారని అడిగినప్పుడు లెక్క కుదరదు. రెండూ రాస్తే మార్కెట్ ఎంత ఉందో, అందులో ఎంతవరకు చొచ్చుకుపోయారో ఒకేసారి తెలుస్తుంది.

రెండోది, మీరు చేరేనాటికి ఆ టెరిటరీ ఇస్తున్న వ్యాపారం. ఈయన చేరకముందు 2021–22లో అక్కడ 110 లక్షల అమ్మకం జరిగింది. మొదటి పూర్తి సంవత్సరంలో ఈయన దాన్ని 162కు తెచ్చారు. ఒకరు పండిన పొలం అందుకుని కోత కోసినట్టు ఉంటుంది, మరొకరు బీడు దున్నుతారు. ఆ తేడాను చూపేది ఈ ప్రారంభ అంకె ఒక్కటే. ప్రారంభ అంకె సున్నా అయితే "కొత్త టెరిటరీ, ముందు అమ్మకాలు లేవు" అని రాయాలి. అక్కడ టార్గెట్‌లో 70 శాతం సాధించినా చదివేవారు దాన్ని వేరే కళ్లతో చూస్తారు.

డీలర్లు ఎందరు, మీ కింద మనుషులు ఎందరు అన్నది ఒక చిన్న పదబంధంలో సరిపెట్టవచ్చు. రాష్ట్ర స్థాయి టెండర్లు మీ జిల్లాల్లో అమలైనా, వాటిని గెలిచింది కార్పొరేట్ కార్యాలయమైతే ఆ విలువను మీ అంకెలో కలపకండి. కంపెనీ మీకు దాని మీద ఇన్సెంటివ్ ఇచ్చిందా లేదా అన్నదే కొలబద్ద.

అయిదో అంచె: ఆర్డర్ విలువ

"30 లక్షల డీల్" సంగతికి వద్దాం. రీఏజెంట్ రెంటల్ అనే పద్ధతిలో కంపెనీ అనలైజర్‌ను ముందు డబ్బు తీసుకోకుండా ఆసుపత్రిలో అమరుస్తుంది. ఆసుపత్రి నిర్ణీత సంవత్సరాల పాటు ఆ యంత్రానికి కావలసిన రీఏజెంట్లను కనీసం ఇంత కొంటానని ఒప్పందం చేసుకుంటుంది. ఈయన కుదిర్చిన ఒప్పందంలో నెలకు కనీసం 50 వేలు, అంటే ఏడాదికి 6 లక్షలు, అయిదేళ్లకు 30 లక్షలు. యంత్రం జాబితా ధర 14 లక్షలు. కాబట్టి ఒకే ఒప్పందాన్ని 6 అనీ, 14 అనీ, 30 అనీ రాయవచ్చు. 30కి 14 కలిపి 44 అన్నవారినీ చూశాను. ఆసుపత్రి ఎప్పుడూ చెల్లించని యంత్రం ధర అందులో చేరిపోయింది.

ఇటువంటి చోట ఏడాది విలువను ముందు చెప్పి, కాలపరిమితిని వెంటనే చేర్చాలి: "ఏడాదికి 6 లక్షల కనీస కొనుగోలుతో 5 ఏళ్ల రీఏజెంట్ ఒప్పందం". చదివేవారు గుణించుకోగలరు. సాఫ్ట్‌వేర్ చందాలు, వార్షిక నిర్వహణ ఒప్పందాలు అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది. ఒప్పందం మీరుండగానే మొదలై ఆసుపత్రి కనీస కొనుగోలును నిజంగా కొన్నదో లేదో తెలిస్తే అది కూడా చెప్పవచ్చు. కాగితం మీది ఒప్పందానికీ, నడుస్తున్న ఒప్పందానికీ మధ్య దూరం ఈ రంగంలో చాలా ఎక్కువ.

ఇక నేరుగా అమ్మిన యంత్రాలు. 2023–24లో ఈయనకు తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. వాటి విలువలు లక్షల్లో 2.5, 2.8, 3, 3.2, 3.5, 4, 4.5, 6, 22. మొత్తం 51.5, సగటు 5.7. తొమ్మిదింటిలో ఏడు ఆర్డర్లు ఆ సగటు కన్నా చిన్నవే. ఆ ఒక్క 22 లక్షల ఆర్డరే దాన్ని పైకి లాగింది. వరుసలో నడుమనున్న 3.5 ఆయన రోజువారీ పనికి దగ్గరగా ఉంది. అందువల్ల సగటు రాయకుండా పరిధి రాయాలి: "9 యంత్రాల ఆర్డర్లు, మామూలుగా 2.5–6 లక్షల మధ్య, అతిపెద్దది 22 లక్షలు". 20 లక్షల పైబడిన పరికరాలు అమ్మే కంపెనీ ఇది చదివి, ఈయనకు ఆ స్థాయి ఒకసారి తెలుసు, అలవాటు మాత్రం లేదు అని సరిగ్గా గ్రహిస్తుంది. ఆ సంగతి ఉద్యోగంలో చేరాక తెలియడం కన్నా ముందే తెలియడం ఇద్దరికీ మంచిది.

అతిపెద్ద ఆర్డర్ పక్కన మీ పాత్ర రాయడం మరవకూడదు. ఆ 22 లక్షల ఆర్డర్‌లో ఆసుపత్రిని కనుగొన్నదీ, పాథాలజిస్టును ఒప్పించినదీ, డెమో నడిపించినదీ ఈయన. ధర మీద చివరి మాటలు జరిపింది రీజనల్ మేనేజర్. "పరిచయం నుంచి డెమో వరకు నా బాధ్యత; ధర చర్చలు రీజనల్ మేనేజర్‌తో కలిసి" అంటే సరిపోతుంది. రిఫరెన్సు కోసం ఫోను వెళ్లేది ఆ మేనేజర్‌కే కాబట్టి, ఆయన చెప్పబోయేదీ మీరు రాసినదీ ఒకటై ఉండాలి.

ఆరో అంచె: ఎంత బయటపెట్టవచ్చు?

ఆసుపత్రి పేరు, దానికిచ్చిన ధర, తగ్గింపు శాతం రాయకూడదు. ఆసుపత్రి పేరుకు బదులు "200–300 పడకల ప్రైవేటు ఆసుపత్రి" వంటి వర్ణన చాలు. అయితే ఆ ఊళ్లో అటువంటిది ఒక్కటే ఉంటే వర్ణన కూడా పేరుతో సమానమే. అప్పుడు ఊరి పేరు తీసేయాలి. కంపెనీ నిబంధనలు రూపాయల అంకెలనే నిషేధిస్తే టార్గెట్‌ను "1.5–2 కోట్ల శ్రేణి" అని చెప్పి శాతాన్ని కచ్చితంగా ఇవ్వవచ్చు. శాతాలు కూడా లేకుండా దాచేస్తే మాత్రం రెజ్యూమెలో చదవడానికి ఏమీ మిగలదు.

గల్ఫ్ ఉద్యోగాలకు పంపేటప్పుడు లక్ష, కోటి అన్న మాటలు అక్కడి ఎంపికదారులందరికీ తెలుస్తాయనుకోకూడదు. 1.62 కోట్లను 16.2 మిలియన్ రూపాయలని రాయాలి. డాలర్లలోకో దిర్హాముల్లోకో మారిస్తే ఏ ఏడాది మారకపు రేటు అన్న కొత్త ప్రశ్న పుడుతుంది, అందుకే రూపాయల్లోనే ఉంచడం నయం.

అన్నీ కలిపి రాసినప్పుడు ఆ మూడు వాక్యాల స్థానంలోకి వచ్చినది ఇది:

> ఏరియా సేల్స్ ఎగ్జిక్యూటివ్, విజయవాడ (2022 అక్టోబర్ – 2025 మార్చి)
> టెరిటరీ: ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల, 2024 సెప్టెంబర్ వరకు ఏలూరు, పశ్చిమ గోదావరి కూడా. జాబితాలో 140 ల్యాబ్‌లు, ఆసుపత్రులు, కొంటున్నవి 46; డీలర్లు 3. చేరేనాటికి వార్షిక అమ్మకం 1.10 కోట్లు.
> టార్గెట్ (డీలర్ బిల్లింగ్, వాపసులు, జీఎస్టీ పోగా): 2022–23 రెండో అర్ధ సంవత్సరం 60 లక్షలకు 78 (130%), 2023–24లో 1.50 కోట్లకు 1.62 (108%); 2024–25లో 1.80 కోట్లకు 1.53 (85%). 2024 అక్టోబర్‌లో 2 జిల్లాలు బదిలీ, టార్గెట్ యథాతథం. మిగిలిన 5 జిల్లాల్లో 10% వృద్ధి.
> ఆర్డర్లు: 2023–24లో 9 యంత్రాలు, మామూలుగా 2.5–6 లక్షలు, అతిపెద్దది 22 లక్షలు (పరిచయం నుంచి డెమో వరకు నా బాధ్యత). ఏడాదికి 6 లక్షల కనీస కొనుగోలుతో ఒక 5 ఏళ్ల రీఏజెంట్ ఒప్పందం.

దీన్ని పంపే ముందు ఒక పరీక్ష చేయాలి. ఈ రంగంలోనే ఉన్న స్నేహితుడికిచ్చి, ప్రతి అంకె మీదా "ఎందులో? ఎప్పటి నుంచి? ఎవరితో కలిసి?" అని అడగమనండి. నోట్‌బుక్ తెరవకుండా జవాబు చెప్పలేకపోయిన అంకె ఉంటే దాన్ని సరిచూసుకోవాలి. నోట్‌బుక్ తెరిచినా జవాబు దొరకకపోతే ఆ అంకెను కొట్టేయాలి.